నోటీసు చదివి చెప్పమంటే సొంత మాట చెప్పకండి

కోలారు జిల్లాలోని మన సంఘాల్లో ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది కన్నడం. ఆరాధన తెలుగులో జరుగుతుంది. తాలూకా ఆఫీసు నుండి, బ్యాంకు నుండి, లాయరు దగ్గర నుండి వచ్చే కాగితం మాత్రం కన్నడంలో ఉంటుంది. అందుకే కాగితం అందిన మనిషి మొదట వచ్చేది మన దగ్గరికే. "అయ్యగారూ, ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పండి" అంటారు. మేమూ చదివి చెబుతాం. మాకు తీరిక లేకపోతే యూత్‌లో కన్నడం బాగా వచ్చిన పిల్లవాడి చేతిలో పెడతాం. ఎన్నో ఏళ్లుగా ఇలాగే చేస్తున్నాం, ఇది కూడా పరిచర్యే అనుకుంటున్నాం. కానీ ఈ పని మేము సరిగ్గా చేయడం లేదని 2025 వసంతంలో ఒక అక్క విషయంలో తెలిసివచ్చింది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం. ఆమెను గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వడం లేదు.

ఆ అక్క కుట్టుపని చేసుకుంటుంది. కూతురి ఆపరేషన్ కోసం ఒక వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు తీసుకుని, దానికి చెక్కు రాసి ఇచ్చింది. మార్చి 3 తేదీతో ఉన్న ఆ చెక్కును అతను బ్యాంకులో వేశాడు. ఖాతాలో డబ్బు లేక అది తిరిగి వచ్చింది. మార్చి 10న బ్యాంకు మెమో అతని చేతికి అందింది. మార్చి 24 తేదీ వేసి లాయరు ద్వారా నోటీసు పంపాడు. ఆ కవరు అక్కకు అందింది మార్చి 29 శనివారం, అంటే ఉగాది ముందు రోజు. పండుగ పూట ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక రెండు రోజులు ఆగి, తర్వాత మా దగ్గరికి తెచ్చింది. మేము దాన్ని ఒక డిగ్రీ కుర్రవాడికి ఇచ్చాం. వాడు నిజంగా మంచి పిల్లవాడు. అరగంటలో తెలుగులో రాసి అక్క చేతిలో పెట్టాడు.

నోటీసులోని అసలు వాక్యం కన్నడంలో ఇలా ఉంది: "ఈ నోటీసు తమగె తలుపిద దినాంకదింద 15 దినగళొళగాగి సదరి చెక్కిన మొబలగు రూ. 1,80,000/- గళన్ను నమ్మ కక్షిదారరిగె పావతిసతక్కద్దు. తప్పిదల్లి తమ్మ విరుద్ధ ఎన్.ఐ. కాయ్దె కలం 138 మత్తు 142 ర అడియల్లి సక్షమ న్యాయాలయదల్లి క్రిమినల్ మొకద్దమె దాఖలిసలాగువుదు."

దాని కింద వేరే పేరాలో, "ఇదల్లదె" అని మొదలుపెట్టి, వడ్డీ కింద రూ. 25,000, నోటీసు ఖర్చు కింద రూ. 5,000 కూడా ఇవ్వాలని ఉంది.

మన కుర్రవాడు రాసింది ఇది: "15వ తేదీలోగా వడ్డీ, ఖర్చులతో కలిపి రూ. 2,10,000 కట్టకపోతే పోలీసు కేసు పెడతారట."

చదవడానికి ఎంత సులువుగా ఉందో చూడండి. ఎవరికైనా అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. మూడూ అక్కను ముంచే తప్పులే.

గడువు

నోటీసు చెప్పింది "అందిన తేదీ నుండి 15 రోజుల లోపల" అని. "15వ తేదీలోగా" అని ఎక్కడా చెప్పలేదు. చెక్కు కేసుల్లో ఈ తేడా చాలా ముఖ్యం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 ప్రకారం చెక్కు తిరిగి వచ్చినంత మాత్రాన నేరం పూర్తి కాదు. చెక్కు పట్టుకున్న మనిషి, అది తిరిగి వచ్చిందని బ్యాంకు నుండి తెలిసిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా డబ్బు అడగాలి. ఆ నోటీసు అందిన తర్వాత 15 రోజుల్లోపు చెక్కు ఇచ్చిన మనిషి డబ్బు కట్టకపోతే అప్పుడే నేరం అవుతుంది. ఆ 15 రోజులు చట్టం మనకిచ్చిన అవకాశం.

రోజులు లెక్కపెట్టేటప్పుడు మొదటి రోజును వదిలేయాలని సాకేత్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. అక్కకు మార్చి 29న అందింది కాబట్టి 30వ తేదీ మొదటి రోజు. మార్చిలో రెండు రోజులు, ఏప్రిల్‌లో పదమూడు రోజులు కలిపితే ఏప్రిల్ 13తో గడువు పూర్తవుతుంది. అక్క మాత్రం మా కుర్రవాడి కాగితాన్ని నమ్మి ఏప్రిల్ 15కు డబ్బు సిద్ధం చేసుకుంటోంది. చీటీ డబ్బు 14న చేతికొస్తుందని, మర్నాడు పొద్దున్నే బ్యాంకుకు వెళ్తానని ఆమె లెక్క. రెండు రోజులు ఆలస్యమయ్యేది.

క్యాలెండరు ముందు పెట్టుకుంటే ఇంకో సంగతి బయటపడింది. ఏప్రిల్ 13 మట్టల ఆదివారం. 12 రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. 14 అంబేద్కర్ జయంతి, అదీ సెలవే. అంటే కౌంటర్లో డబ్బు జమచేసి రసీదు తెచ్చుకోవడానికి చివరి పనిదినం 11వ తేదీ శుక్రవారం. సెలవు వచ్చింది కదా, మర్నాడు కట్టినా చెల్లుతుందిలే అని ఇలాంటి చోట ఆశపెట్టుకోకూడదు.

ఇక్కడ అనువాదకుడు పాటించాల్సిన నియమం ఒక్కటే. మూలంలో "అందిన తేదీ నుండి 15 రోజులు" అని ఉంటే తెలుగులోనూ అచ్చం అలాగే రాయాలి. దాన్ని మనం లెక్కగట్టి తేదీగా మార్చి అనువాదంలో పెట్టకూడదు. లెక్కగట్టిన తేదీ అవసరమే, కానీ దాన్ని వేరే కాగితం మీద, ఏ రోజు నుండి ఎలా లెక్కపెట్టామో కూడా చూపిస్తూ రాయాలి. అప్పుడు మన లెక్క తప్పయినా సరిదిద్దడానికి వీలుంటుంది. మరి అందిన తేదీ ఎలా తెలుస్తుంది? నోటీసు మీద ఉన్న తేదీని బట్టి తెలియదు. కవరు దాచాలి. కవరు మీది నంబరుతో తపాలా శాఖ వెబ్‌సైటులో చూస్తే ఏ రోజు అందించారో కనిపిస్తుంది. చాలా ఇళ్లలో నోటీసు దాచి కవరు పారేస్తారు, అందుకే ఇది మరీ మరీ చెబుతున్నాం. కవరు తీసుకోకుండా వెనక్కి పంపితే సరిపోతుందని కొందరు సలహా ఇస్తుంటారు. సరైన చిరునామాకు రిజిస్టరు పోస్టులో పంపింది అందినట్టే భావించవచ్చని జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 చెబుతోంది. తీసుకోకపోతే నోటీసులో ఏముందో తెలియకుండా పోతుందే తప్ప గడువు ఆగదు.

అడిగిన మొత్తం

రెండో తప్పు ఇంకా పెద్దది. నోటీసులో మూడు మొత్తాలు విడివిడిగా ఉన్నాయి. చెక్కు మొత్తం 1,80,000. వడ్డీ 25,000. ఖర్చు 5,000. కుర్రవాడు అక్కకు సులువుగా ఉంటుందని మూడూ కూడి 2,10,000 అని రాశాడు. కూడిక సరిగ్గానే ఉంది, అనువాదమే తప్పు.

ఎందుకు తప్పో చూద్దాం. సెక్షన్ 138 కింద 15 రోజుల్లో కట్టాల్సింది చెక్కు మొత్తాన్ని. నోటీసులో వడ్డీ, ఖర్చులు విడిగా అడిగినా ఫరవాలేదని, అవి ఈ సెక్షన్ కింద అడగాల్సిన చెక్కు మొత్తానికి అదనమని సుమన్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. అంటే అక్క 13వ తేదీలోపు 1,80,000 కడితే ఆ చెక్కు మీద 138 కేసు నిలవదు. మిగిలిన ముప్పై వేల గురించి వాదన ఉంటే అది సివిల్ తగాదా. దానికి జైలు భయం లేదు. కానీ మేమిచ్చిన కాగితం చూసి అక్క 2,10,000 లేకపోతే ఏం కట్టినా లాభం లేదనుకుంది. చేతిలో 1,60,000 ఉంది. ఇరవై వేలు ఎవరినైనా అడగవచ్చు, యాభై వేలు ఎవరిస్తారు? అందుకే 14న వచ్చే చీటీ కోసం ఆగింది. మా కూడిక వల్ల తేదీ కూడా చేజారబోయింది.

అదే తీర్పులో రెండో వైపు కూడా ఉంది. చెక్కు మొత్తం ఎంతో విడిగా చెప్పకుండా, అన్నీ కలిపి ఒకే అంకె అడిగిన నోటీసు చట్టం ముందు నిలవకపోవచ్చు. కాబట్టి నోటీసులో ఒకే అంకె కలిపి ఉంటే, మనం దాన్ని విడగొట్టి చక్కగా సర్దకూడదు. నోటీసు పంపినవాడి పొరపాటు నోటీసు అందుకున్నవారికి ఆసరా కావచ్చు. చెక్కు నంబరులో ఒక అంకె తప్పుగా ఉన్నా, పేరు తప్పుగా ఉన్నా, అలాగే దించి, పక్కన "మూలంలో ఇలాగే ఉంది" అని రాయాలి. దాన్ని దిద్దడం మన పని కాదు. దానికి విలువ ఉందో లేదో లాయరు చూసుకుంటారు.

మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రెండు చోట్లా సరిచూడాలి. కన్నడంలో ఒంబత్తు అంటే తొమ్మిది, ఎంబత్తు అంటే ఎనభై, తొంబత్తు అంటే తొంభై. వేగంగా చదివే తెలుగువాడి కంటికి ఈ మూడూ ఒకటిగా కనిపిస్తాయి. సావిర అంటే వెయ్యి. కన్నడ అంకెలతో అచ్చువేసిన కాగితమైతే ఆరుకూ తొమ్మిదికీ తేడా దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. "ఒందు లక్ష ఎంబత్తు సావిర" అన్న మాటలు, 1,80,000 అన్న అంకె ఒకదానికొకటి సరిపోయాయో లేదో చూసి గుర్తుపెట్టడానికి ఒక్క నిమిషం చాలు.

సెక్షన్లు, తెలిసినట్టుండే మాటలు

మూడో తప్పు "పోలీసు కేసు". నోటీసులో పోలీసు అన్న మాటే లేదు. 138 కేసు పోలీస్ స్టేషన్‌లో మొదలవదు. డబ్బు రావలసిన మనిషి మేజిస్ట్రేటు కోర్టులో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 15 రోజుల గడువు దాటిన తర్వాత ఒక నెలలోపు చేయాలని సెక్షన్ 142 చెబుతోంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కోర్టు మన్నించవచ్చు. అక్క విషయంలో ఆ నెల మే 14తో ముగుస్తుంది. 142 అన్న అంకెను మన కుర్రవాడు వదిలేశాడు. "138 ఉంది కదా, ఇంకొకటి ఎందుకు" అనుకున్నాడట. కానీ ఆ అంకె చూసిన లాయరుకు అవతలివాళ్లకు ఎంత సమయముందో వెంటనే తెలుస్తుంది. పోలీసులన్న మాట విని అక్క రెండు రాత్రులు పక్కింట్లో పడుకుంది. ఆ భయం నోటీసు పెట్టింది కాదు, మేము పెట్టింది.

కొన్ని నోటీసుల్లో మోసం కింద భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4) అని కూడా ఉంటుంది. 2024 జూలై 1కి ముందు అది ఐ.పి.సి. 420. జనానికి తెలిసిన మాట కదా అని 318(4)ను "420 కేసు" అని రాయకూడదు. 420 అని ఉన్నదాన్ని 318(4)గా మార్చనూ కూడదు. చట్టం పేరు, సెక్షన్ అంకె, బ్రాకెట్లోని ఉపసెక్షన్ అంకె, ఏదీ కదల్చకుండా దించాలి.

కన్నడం మనకు దగ్గరి భాష కావడమే ఇక్కడ పెద్ద చిక్కు. తెలియని భాష అయితే అడుగుతాం, తెలిసినట్టుండే మాటను అడగకుండా దాటేస్తాం. కన్నడ నోటీసులో "కలం" అంటే సెక్షన్, రాసే కలం కాదు. "కాయ్దె" అంటే చట్టం. అక్కవాళ్ల అమ్మ ఆ మాట విని ఖైదు అనుకుని ఏడుపు మొదలుపెట్టింది. "కక్షిదారరు" అంటే లాయరు ఎవరి తరఫున రాశారో ఆ మనిషి, అందులో కక్ష ఏమీ లేదు. "దూరు" అంటే ఫిర్యాదు. "తప్పిదల్లి" అంటే "అలా చేయకపోతే" అని. మీరు తప్పు చేశారని అర్థం కాదు. "ఇదల్లదె" అంటే "ఇది కాకుండా అదనంగా". దాన్ని "ఇది కాదు" అని చదివితే డిమాండు తలకిందులవుతుంది. "ప్రకరణ" అన్న మాట పత్రికల్లో కేసు అన్న అర్థంలో వస్తుంది, చట్టం పుస్తకంలో సెక్షన్ అన్న అర్థంలో. పక్కనున్న అంకెను బట్టి ఏదో తేల్చుకోవాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైంది "ముందిన". మనకు ముందు రోజు అంటే గడిచిన రోజు. కన్నడంలో ముందిన తింగళు అంటే వచ్చే నెల. కోర్టు సమన్లలో "ముందిన" అన్న మాట కనిపిస్తే ఆగి, రెండోసారి చదివి, తేదీ పక్కన పెట్టుకుని మరీ రాయాలి.

రెండు కాగితాలు

అక్కను కాపాడింది తాలూకా కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరయిన ఒక పెద్దాయన. ఏప్రిల్ 9 బుధవారం ప్రార్థన కూడికకు వచ్చినప్పుడు అక్క ఆయనకు రెండు కాగితాలూ చూపించింది. ఆయన పక్కపక్కనే పెట్టుకుని చదివి, మమ్మల్ని లోపలికి పిలిచి, "అయ్యగారూ, మీవాడు రాసింది అనువాదం కాదు, వాడికి అర్థమైంది రాశాడు" అన్నారు. మేము తలదించుకున్నాం. ఆ రాత్రే కూర్చుని మళ్లీ రాశాం. ఈసారి వాక్యం ఇలా వచ్చింది:

"ఈ నోటీసు మీకు అందిన తేదీ నుండి 15 రోజుల లోపల, సదరు చెక్కు మొత్తం రూ. 1,80,000/- ను మా కక్షిదారుకు చెల్లించవలెను. అలా చెల్లించని పక్షంలో మీపై ఎన్.ఐ. చట్టం సెక్షన్ 138 మరియు 142 కింద అధికార పరిధి గల న్యాయస్థానంలో క్రిమినల్ కేసు దాఖలు చేయబడును."

ఇది వినసొంపుగా లేదు, అయినా నోటీసులో ఉన్నదే ఉంది. తర్వాత వేరే కాగితం తీసుకుని, పైన "ఇది అనువాదం కాదు, మా వివరణ" అని రాసి, గడువు లెక్క, సెలవులు, మూడు మొత్తాల తేడా, లాయరును అడగాల్సిన ప్రశ్నలు అందులో పెట్టాం. మర్నాడు 10వ తేదీ అక్క లాయరును కలిసింది. ఆయన ఆ లెక్క సరే అన్నారు. 11న ఆమె తక్కువపడిన ఇరవై వేలు అన్న దగ్గర తీసుకుని, 1,80,000 అవతలి మనిషి ఖాతాలో జమచేసి, రసీదు జతచేసి లాయరుతో జవాబు పంపించింది. వడ్డీ మీద మాటలు ఇంకా నడుస్తున్నాయి. చెక్కు కేసు మాత్రం రాలేదు.

నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతాడు, లేవీయులు దాని భావం చెబుతారు. చదవడం ఒక పని, భావం చెప్పడం ఇంకో పని. మేము ఈ రెంటినీ ఒకే కాగితం మీద కలిపేశాం. భయపడతారని కొన్ని మాటలు తగ్గించాం, అర్థం కాదని కొన్ని కలిపాం, విసుగని కొన్ని వదిలేశాం. ప్రేమతోనే చేశాం. కానీ నోటీసు అందుకున్న మనిషికి అందులో ఉన్నది ఉన్నట్టు తెలుసుకునే హక్కుంది. ఆమె చదువుకోలేదన్న కారణంతో ఏది తెలియాలో ఏది తెలియనక్కర్లేదో మనం తీర్మానిస్తే, అది సేవ పేరుతో చేసే పెత్తనమే అవుతుంది.

అందుకే ఇప్పుడు మా సంఘంలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు రాస్తారు. రెండోవారు కన్నడ మూలాన్ని పట్టుకుని తేదీలు, గడువులు, మొత్తాలు, సెక్షన్లు, చెక్కు నంబరు ఒక్కొక్కటిగా పైకి చదువుతారు, రాసినవారు తెలుగులో సరిచూసి గుర్తుపెడతారు. అనువాదం అడుగున "తెలియడానికి మాత్రమే, కన్నడ మూలమే ప్రమాణం" అని రాస్తాం. తెలుగు లిపి రానివారు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి, ఇంట్లోవారు కూర్చుని ఉండగా దాన్ని పైకి చదివి వినిపిస్తాం. అర్థంకాని మాటను ఊహించం, మూలంలోని మాటనే రాసి కింద గీత గీస్తాం.

అనువాదంతో మన పని అయిపోతుంది. సలహా చెప్పాల్సింది లాయరు. ఫీజు ఇవ్వలేనివారు తాలూకా న్యాయసేవల సమితికి వెళ్లవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. అదే సెక్షన్ షెడ్యూల్డ్ కులాలవారికీ ఆ హక్కు ఇచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవ పురుషులు ఆ వరుసలో నిలబడలేరు, ఆదాయ పరిమితి కింద అడగాల్సి వస్తుంది. ఆ అన్యాయం మీద మన పోరాటం వేరే ఉంది. ఈలోగా ఇంట్లోకి నోటీసు వస్తే కవరు దాచండి, అందిన తేదీ దాని మీద రాయండి, ఆ రోజే తీసుకురండి. పండుగ అని ఆగకండి.